చెంచాడు మట్టిలో ఎకరం నేల



ముందుగా మీ ఊహలో రెండు డ్రమ్ములు పెడతాను. మొదటిదానిలో కాగితం మిల్లుకు వెళ్ళే తెల్లమట్టి ద్రవం ఉంది. మొత్తం 100 కిలోలనుకుంటే అందులో 70 కిలోలు పొడి మట్టే. నీళ్ళు 30 కిలోలు మాత్రమే. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా అందులో చిటికెడు మందు కలిపి ఉంటారు. అంత మట్టి ఉన్నా కుళాయి తిప్పితే అది చిక్కటి పాలలా ధారగా పడుతుంది. రెండో డ్రమ్ములో కూడా 100 కిలోలే ఉన్నాయి. కాని మట్టి 6 కిలోలు, మిగిలిన 94 కిలోలూ నీళ్ళు. దాన్ని బాగా చిలికి రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దున్నకి జున్నులా గడ్డకడుతుంది. కర్రతో కలియబెడితే మళ్ళీ పలచబడుతుంది, కాసేపు వదిలేస్తే మళ్ళీ బిగుసుకుంటుంది.

మొదటి డ్రమ్ములోది కయోలినైట్. రెండోదానిలోది మాంట్‌మొరిల్లొనైట్. పేర్లు నోరు తిరగనివే, కాని రెండూ చోట్ల పేర్ల నుంచి వచ్చినవే. చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ పట్నం దగ్గర గావోలింగ్ అనే గుట్ట ఉంది. కయోలిన్ అన్న మాట అక్కడినుంచి వచ్చింది. మనవాళ్ళు చైనా క్లే అనేది కూడా దాన్నే. రెండోది ఫ్రాన్స్‌లోని మాంట్‌మొరిల్లాన్ అనే ఊరి పేరు. ఈ మాంట్‌మొరిల్లొనైట్ ప్రధానంగా ఉండే మట్టిని బజారులో బెంటొనైట్ అంటారు. నేను ఈ పూట రెండు పేర్లూ వాడతాను. ఖనిజం గురించి చెప్పేటప్పుడు మాంట్‌మొరిల్లొనైట్ అనీ, బస్తాలో వచ్చే సరుకు గురించి చెప్పేటప్పుడు బెంటొనైట్ అనీ అంటాను.

రెండు మట్టుల్లోనూ ముఖ్యంగా ఉన్నవి సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్, హైడ్రోజన్. దినుసులు దాదాపు ఒకటే అయినప్పుడు ఒకటి నీళ్ళను ఖాతరు చేయకపోవడం, రెండోది తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళు పట్టేసుకోవడం ఎందుకు? జవాబు దినుసుల్లో లేదు, పొరలు కుట్టిన తీరులో ఉంది.

బంకమట్టి రేణువు ఏదైనా పొరలు పొరలుగానే ఉంటుంది. కయోలినైట్‌లో ఒక్కో పొరకూ రెండు రేకులుంటాయి. ఒకటి సిలికాన్, ఆక్సిజన్ల రేకు. దాని వీపుకు అతుక్కుని అల్యూమినియం, హైడ్రాక్సిల్ల రేకు. అందువల్ల ఆ పొరకు రెండు ముఖాలూ రెండు రకాలు. ఒక ముఖం మీద అంతా ఆక్సిజన్, రెండో ముఖం మీద హైడ్రోజన్ తలలు బయటపెట్టిన హైడ్రాక్సిల్. చొక్కా గుర్తు తెచ్చుకోండి. ఒక అంచుకు కాజాలు, రెండో అంచుకు గుండీలు ఉంటాయి. ఇలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది పొర గుండీలు పై పొర కాజాల్లో పడిపోతాయి. రసాయన శాస్త్రంలో దీన్ని హైడ్రోజన్ బంధం అంటారు. ఒక్కో గుండీ బలం తక్కువే. కాని పొర పొడవునా వరసగా ఉన్నాయి కదా, అన్నీ కలిసి పట్టుకుంటే నీటి అణువు తల దూర్చడానికి సందు దొరకదు. పొర మొదలు నుంచి పై పొర మొదలు వరకూ దూరం సుమారు 0.7 నానోమీటర్లు. తడిపినా, ఎండబెట్టినా ఆ దూరం మారదు. నీరు రేణువు పైపైన తడుపుతుంది, రేణువుకూ రేణువుకూ మధ్య నిలుస్తుంది, అంతకుమించి లోపలికి పోదు.

మాంట్‌మొరిల్లొనైట్ పొరకు మూడు రేకులు. మధ్యలో అల్యూమినియం రేకు, దానికి ఇటూ అటూ సిలికాన్ రేకులు. మరి బయటి ముఖాలు? రెండూ ఆక్సిజనే. అంటే రెండు అంచులకూ కాజాలే, గుండీ ఎక్కడా లేదు. ఇలాంటి పొరలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకునే దారి లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మధ్య రేకులో అక్కడక్కడ అల్యూమినియం కూర్చోవలసిన చోట మెగ్నీషియం కూర్చుంటుంది. అల్యూమినియం మూడు ధనావేశాలు తెస్తుంది, మెగ్నీషియం తెచ్చేది రెండే. ప్రతి చోటా ఒకటి బాకీ. అలా పొర మొత్తానికి కొంత రుణావేశం మిగిలిపోతుంది. ఆ బాకీ తీర్చడానికి సోడియమో, కాల్షియమో వచ్చి పొరల మధ్య కూర్చుంటుంది. కాని ఇవి పొరలో కలిసిపోయినవి కావు, పంచన చేరినవి. నీరు కనిపిస్తే చాలు, చుట్టూ నీటి అణువులను పోగేసుకుంటాయి. వాటికోసం నీరు పొరల మధ్యకు దారి చేసుకుంటుంది.

ఇక్కడినుంచి ఉబ్బటం మెట్లు మెట్లుగా సాగుతుంది. బాగా ఎండినప్పుడు పొరకూ పొరకూ దూరం సుమారు ఒక నానోమీటరు. ఒక వరస నీటి అణువులు దూరితే అది 1.25 అవుతుంది, రెండో వరస దూరితే 1.5 దాటుతుంది. ఈ మెట్ల దాకా గాలిలో తేమ పెరిగినా చాలు. తర్వాత కథ మాత్రం పొరల మధ్య ఎవరున్నారన్నదాని మీద ఆధారపడుతుంది. కాల్షియానికి రెండు ఆవేశాలు. కింది పొరనూ పై పొరనూ ఒకేసారి పట్టుకుని ఉంటుంది. దాంతో ఉబ్బు సుమారు 1.9 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. సోడియానికి ఉన్నది ఒకటే ఆవేశం, అంత పట్టు లేదు. పైగా పొరల మధ్య సోడియం చిక్కగా, బయటి నీళ్ళలో పలచగా ఉండటం వల్ల నీరు లోపలికి ఇంకా ఇంకా లాగబడుతుంది. దూరం 4 నానోమీటర్లు దాటిపోతుంది, చివరికి పొరలు దేనికది విడిపోయి నీళ్ళలో తేలతాయి. అన్ని పొరల అన్ని ముఖాలూ తడుస్తాయి.

ఎంత ముఖం? ఒక గ్రాము మాంట్‌మొరిల్లొనైట్ పొరలన్నీ విప్పి పరిస్తే సుమారు 800 చదరపు మీటర్లు. మన లెక్కలో 950 గజాల పైచిలుకు. అయిదు గ్రాములు, అంటే ఒక చెంచాడు పొడి, దాదాపు ఒక ఎకరం. అదే ఒక గ్రాము కయోలినైట్‌కు నీరు తడిపే ముఖం 10 నుంచి 20 చదరపు మీటర్లు, ఒక పడకగది అంత. రెండో డ్రమ్ములో 6 కిలోలకే 94 కిలోల నీళ్ళు ఎందుకు బిగుసుకున్నాయో ఇప్పుడు తెలుస్తుంది. ఆ నీళ్ళు పరచుకోవలసిన నేల అంత పెద్దది.

ఈ తేడాను కొలవటానికి మన దేశంలో ఒక చక్కటి పరీక్ష ఉంది. ఐఎస్ 2720లో 40వ భాగం. నాకు చాలా ఇష్టమైన పరీక్ష. దీనికి కావలసినవి రెండు గాజు కొలజాడీలు, కొంచెం నీరు, కొంచెం కిరసనాయిలు, అంతే. ఆరబెట్టి జల్లించిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు జాడీల్లో పోస్తారు. ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, రెండోదానిలో కిరసనాయిలు నింపి, గాలి బుడగలు పోయేలా కలియబెట్టి ఒక రోజంతా వదిలేస్తారు. మర్నాడు అడుగున పేరుకున్న మట్టి ఎన్ని మిల్లీలీటర్లు ఆక్రమించిందో చూస్తారు. కిరసనాయిలు అణువులకు నీటి అణువులకు ఉన్నట్టు రెండు కొసల ఆవేశం లేదు, సోడియాన్ని చూసి అవి ఎగబడవు. కాబట్టి ఆ జాడీలోని మట్టి ఉబ్బదు. నీళ్ళలోది దానికంటే నూటికి ఎంత పెరిగిందో అదే ఆ మట్టి ఉబ్బు.

గుంటూరు వైపు నల్లరేగడి తీసుకుందాం. కిరసనాయిలులో 11, నీళ్ళలో 17 వచ్చిందనుకోండి. ఆరు పెరిగింది, పదకొండులో అది సగానికి పైనే. నూటికి 50 దాటితే దాన్ని ప్రమాణాల్లో చాలా ఎక్కువ ఉబ్బు కింద లెక్కవేస్తారు. రేగడిలో ఇల్లు కట్టుకున్నవారికి ఈ అంకె చెప్పనక్కరలేదు. వానాకాలం తలుపు బిగుసుకుని, వేసవిలో అదే తలుపు వదులవుతుంటే వాళ్ళ ఇల్లే ఆ పరీక్ష చేస్తున్నట్టు. మంచి సోడియం బెంటొనైట్ అయితే 10 గ్రాములకు 100 మిల్లీలీటర్ల జాడీ చాలదు. సగం మట్టి తీసుకోవటమో, పెద్ద జాడీ పెట్టటమో చేయాలి.

కయోలినైట్ పెట్టినప్పుడు మాత్రం ఫలితం కొత్తవాళ్ళను తికమక పెడుతుంది. నీళ్ళలో 14, కిరసనాయిలులో 18 అన్నట్టు వస్తుంది. ఉబ్బు సున్నా కూడా కాదు, సున్నాకు దిగువన! జాడీల మీద చీటీలు తారుమారయ్యాయేమో అని నేనూ మొదటిసారి మళ్ళీ చేశాను. తారుమారు కాలేదు. కిరసనాయిలులో కయోలినైట్ రేణువులు ఒకదాని అంచు ఇంకొకదాని ముఖానికి తగిలి పేకమేడలా గుల్లగా నిలబడతాయి. నీళ్ళలో ఆ ఆకర్షణ తగ్గి, ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి, తక్కువ చోటు తీసుకుంటాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య శ్రీధరన్, ఆయనతో పనిచేసినవారు ఈ విషయాన్ని పట్టుకుని, శాతానికి బదులు నీళ్ళలోని ఘనపరిమాణాన్ని కిరసనాయిలులోని దానితో భాగించి చూడమన్నారు. ఒకటి కంటే తక్కువ వస్తే కయోలినైట్ వైపు, చాలా ఎక్కువ వస్తే మాంట్‌మొరిల్లొనైట్ వైపు. ఇంటి సరుకులతో చేసే పరీక్ష మట్టి జాతిని కూడా చెప్పేస్తుందన్నమాట.

ఇప్పుడు పరిశ్రమ దగ్గరికి వద్దాం. చాలామంది ఇక్కడ ఒక పెద్ద పట్టీ చదువుతారు, ఈ మట్టి దేనికి, ఆ మట్టి దేనికి అని. నేను ఒకే ఒక్క విషయం చెబుతాను. మాంట్‌మొరిల్లొనైట్ కలిసిన నీరు దేనిగుండానైనా వడకట్టుకుపోబోతే, ఆ వడపోత గోడ మీద ఒక పలచటి, నీరు దూరని పొర కడుతుంది. ఆ పొర కోసం డబ్బు పెట్టే పరిశ్రమ ఒకటి, అది కడుతుందేమోనని భయపడే పరిశ్రమ ఇంకొకటి.

మొదటిది పునాదుల పని. నదిలో వంతెన స్తంభానికి ఇసుకలో 20 మీటర్ల లోతు, ఒక మీటరు వెడల్పు ఉన్న గుండ్రటి గొయ్యి తవ్వాలి. తడి ఇసుకలో గొయ్యి నిలవదని చెరువుగట్టున ఆడుకున్న పిల్లవాడికి కూడా తెలుసు. అందుకే తవ్వుతుండగానే గొయ్యి నిండా బెంటొనైట్ ద్రవం పోస్తారు. పోలవరం దగ్గర గోదావరి ఇసుకలోకి దించిన డయాఫ్రం గోడ కందకాన్ని నిలబెట్టినదీ ఇలాంటి ద్రవమే. గొయ్యిలోని మట్టం బయటి భూగర్భజలం కంటే మీటరో, ఒకటిన్నర మీటరో ఎత్తు ఉండేలా చూసుకుంటారు. దాంతో ద్రవం గోడలోకి చొరబడబోతుంది. నీరు ముందు పోతుంది, విడిపోయిన మట్టి పొరలు ఇసుక రేణువుల సందుల్లో అడ్డంగా పడి, నిమిషాల్లో కొద్ది మిల్లీమీటర్ల పూత కడతాయి. ఆ పూత ఏర్పడ్డాక ద్రవం బయటికి పోలేదు. పోలేదు కాబట్టి దాని బరువు గోడను లోపలినుంచి నెట్టి పట్టుకుంటుంది. చాలామంది అనుకునేటట్టు బెంటొనైట్ ఇసుకను జిగురులా అంటించదు. పూత వేసి, నీటి బరువుకు ఆనుకోవటానికి ఒక గోడ ఇస్తుంది.

లెక్క చూడండి. ఆ గొయ్యి ఘనపరిమాణం 15.7 ఘనపు మీటర్లు. నూటికి 5 పాళ్ళ చొప్పున కలిపితే పొడి 785 కిలోలు. 50 కిలోల బస్తాలు పదహారు. కయోలినైట్‌తో ఇదే పని చేయబోతే లారీల కొద్దీ పోసినా అడుగున ముద్దగా దిగిపోతుంది, పైన తేట నీళ్ళు మిగులుతాయి, గోడ కూలుతుంది.

కాని బస్తా మీద బెంటొనైట్ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. పొరల మధ్య కాల్షియం ఉన్న సరుకైతే, ఇందాక చెప్పినట్టు, ఉబ్బు మధ్యలోనే ఆగిపోతుంది. రంగు అదే, మెత్తదనం అదే, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. మన దేశంలో బెంటొనైట్‌కు కచ్ పేరుమోసింది. కాల్షియం రకం సరుకు చేతికొస్తే దానిలో కొద్ది శాతం సోడా యాష్ కలిపి పిసికి నానబెడతారు. సోడా యాష్ లోని కార్బొనేటు కాల్షియాన్ని పట్టుకుని సున్నపురాయి పొడిలా విడగొడుతుంది, దాని చోట్లో సోడియం వచ్చి కూర్చుంటుంది. ఈ పని సగం సగం చేస్తే సగం ఉబ్బే సరుకే వస్తుంది. పైళ్ళ పనికి మన ప్రమాణం ఐఎస్ 2911 కోరేది ఏమిటంటే, మట్టి ద్రవంగా మారడానికి దాని బరువుకు కనీసం నాలుగు రెట్ల నీరు పట్టాలి, ఇందాకటి కిరసనాయిలు పరీక్షలో ఉబ్బు 540 శాతం దాటాలి. కాల్షియం రకం ఆ గీత దరిదాపులకు రాదు.

సైటులో ఇన్ని పరీక్షలకు తీరిక ఉండదు. అక్కడ మార్ష్ కోన్ అనే గరాటు ఉంటుంది. దాన్ని నింపి, కింద లీటరుకు కొంచెం తక్కువ పట్టే కొలపాత్ర నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. ఉత్త నీరు 26 సెకన్లలో దిగుతుంది. పనికొచ్చే బెంటొనైట్ ద్రవానికి 30 నుంచి 60 సెకన్లు పట్టాలి. 28 దగ్గర ఆగిందంటే పొడి వేసినా పొరలు విప్పుకోలేదని అర్థం. అంతకంటే తేలిక పద్ధతి ఉంది. సాయంత్రం ఒక గాజుసీసాలో ఆ ద్రవం పట్టి, కదలని చోట పెట్టి ఇంటికి పోండి. పొద్దున్న పైన రెండు వేళ్ళ మందం తేట నీరు కనిపిస్తే ఆ పూట రిగ్గు కదపకపోవటం మంచిది.

సరుకు మంచిదైనా నీరు చెడగొట్టవచ్చు. సముద్రతీరంలో పని జరుగుతుంటే కళ్ళెదుటి ఉప్పునీటిలోనే పొడి కలపాలనిపిస్తుంది. ఉప్పునీటిలో బయట కూడా సోడియం చిక్కగానే ఉంటుంది, కాబట్టి నీటికి పొరల మధ్యకు పోవలసిన తొందర ఉండదు. పొడి తడుస్తుంది, విప్పుకోదు. ముందు మంచినీళ్ళలో కలిపి, ఒక రాత్రి నాననిచ్చి, అప్పుడు వాడాలి. ఇక కాంక్రీటు పోసేటప్పుడు సిమెంటులోని కాల్షియం ద్రవంలోకి దిగుతుంది. పొరల మధ్య సోడియం పోయి కాల్షియం చేరుతుంది. పాలు విరిగినట్టు ద్రవం తరకలు కడుతుంది. కాంక్రీటు మీద పైకి వచ్చిన ఆఖరి భాగాన్ని మళ్ళీ వాడకుండా పారబోసేది అందుకే.

చమురు బావుల్లో ఈ వ్యవహారం ఇంకా తమాషాగా ఉంటుంది. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో లాగా మందమైన షేల్ రాతి పొరల్లోంచి తవ్వేటప్పుడు, ఆ రాతిలోనే ఉబ్బే మట్టి ఉంటే అది తవ్వకపు నీటిని తాగి పొంగి గొట్టాన్ని పట్టేస్తుంది. అప్పుడు ద్రవంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. పొటాషియం నీటిని అంతగా పోగేసుకోదు, పొర ముఖం మీది గుంటల్లో సరిగ్గా ఇమిడి పొరలను దగ్గరగా పట్టుకుంటుంది. బావిలో వాడే మట్టి ఉబ్బాలి, బావి గోడలోని మట్టి ఉబ్బకూడదు. డ్రిల్లింగ్ ఇంజనీరు జీతమంతా ఈ రెండింటి మధ్యే.

ఇప్పుడు రెండో పరిశ్రమ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక పింగాణీ ఫ్యాక్టరీ ప్రయోగశాలలో ఉండేవాణ్ణి. అక్కడ వాష్‌బేసిన్లు పోతపోసేవారు. కయోలిన్, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, ఇంకొంచెం జిగురు మట్టి నీళ్ళలో కలిపిన చిక్కటి ద్రవాన్ని స్లిప్ అంటారు. దాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులో పోస్తారు. అచ్చు నీటిని తాగుతుంది, గోడ వెంబడి మట్టి గట్టిపడుతూ వస్తుంది. కావలసిన మందం రాగానే మిగిలిన స్లిప్ ఒంపేస్తారు. గోడ కట్టటానికి ఒక లెక్క ఉంది. మందం రెట్టింపు కావాలంటే కాలం నాలుగు రెట్లు పడుతుంది, ఎందుకంటే అచ్చు తాగే నీరు అప్పటికే కట్టిన గోడలోంచే పోవాలి. 5 మిల్లీమీటర్లు 20 నిమిషాల్లో వస్తే 10 మిల్లీమీటర్లకు 80 నిమిషాలు. మా షిఫ్టులు, మనుషులు, అచ్చుల వరస అంతా ఆ 80 నిమిషాల మీదే నడిచేది.

ఒక వానాకాలం ముగిశాక పోత విభాగం మేస్త్రీ వచ్చి, "సార్, అచ్చులు తాగటం లేదు" అన్నాడు. 80 నిమిషాలకు గోడ 7 మిల్లీమీటర్లు కూడా దాటటం లేదు. 10 రావాలంటే రెండున్నర గంటలు దాటుతోంది. వానల వల్ల అచ్చులు చెమ్మగిల్లాయని అందరూ అనుకున్నాం. ఆరబెట్టిన కొత్త అచ్చులు తెప్పించి పోశాం. అవీ తాగలేదు. స్లిప్ చిక్కబడిందని సోడియం సిలికేట్ పెంచాం, అది చాలక నీళ్ళు పెంచాం. అంతకు ముందు లీటరు స్లిప్ తూకం 1.8 కిలోలుండేది, ఇప్పుడు ధారగా పడాలంటే 1.7కు దించాల్సి వచ్చింది. నీళ్ళు పెరిగితే ఎండేటప్పుడు కుంగుడూ పెరుగుతుంది. బేసిన్లు అచ్చులోంచి బాగానే వచ్చేవి, మూడో రోజుకు కుళాయి రంధ్రం మూలనుంచి సన్నటి నెర్రె పాకేది. బట్టీలోకి వెళ్ళేవాటికంటే పగలగొట్టి మళ్ళీ తొట్టిలో వేసేవే ఎక్కువయ్యాయి.

తాగనిది అచ్చు కాదు. అచ్చు మీద మొట్టమొదట కట్టిన పలచటి పొరే నీటిని పోనివ్వటం లేదు. పైలు గొయ్యిలో ఇసుక గోడ మీద కట్టేదీ, మా అచ్చు మీద కట్టినదీ ఒకటే పూత. గోడలోంచి నీరు పోయే వేగం సగానికి పడితే చాలు, 80 నిమిషాలు 160 అవుతాయి. దానికి మట్టిలో ఎక్కువ కల్తీ అక్కరలేదు.

ఎంత కల్తీయో చెప్పేది మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు. దాని అణువుకు ధనావేశం ఉంది, అందుకని పొరల మధ్య ఉన్న సోడియాన్ని గెంటేసి తను కూర్చుంటుంది. మట్టిని నీళ్ళలో బాగా చెదరగొట్టి, బ్యూరెట్‌తో నీలం కొంచెం కొంచెంగా వదులుతూ, ప్రతిసారీ గాజుకడ్డీతో ఒక బొట్టు తీసి వడపోత కాగితం మీద పెట్టాలి. మట్టికి ఇంకా ఆకలి ఉన్నంతసేపూ ముదురునీలం మచ్చ, దాని చుట్టూ రంగులేని తడి కనిపిస్తాయి. ఆకలి తీరాక మచ్చ చుట్టూ లేతనీలం వలయం వస్తుంది. కాసేపు ఆగి చూసినా ఆ వలయం పోకపోతే పని అయిపోయినట్టు. గ్రాము మాంట్‌మొరిల్లొనైట్ సుమారు 0.3 గ్రాముల రంగు మింగుతుంది. గ్రాము మంచి కయోలినైట్‌కు 15, 16 మిల్లీగ్రాములు చాలు, అంటే ఇరవయ్యో వంతు. అందువల్ల కయోలిన్‌లో నూటికి 5 పాళ్ళు మాంట్‌మొరిల్లొనైట్ కలిసినా రంగు ఖర్చు రెట్టింపవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మట్టిలో కుళ్ళిన ఆకు అలము ఉంటే అదీ రంగు తాగుతుంది, కాబట్టి నల్లగా ఉన్న మట్టి విషయంలో ఈ అంకెను ఒంటరిగా నమ్మకూడదు. మా కయోలిన్ తెల్లగానే ఉంది. పాత లారీల నమూనాలు దాచి ఉంచాం కాబట్టి పక్కపక్కనే చేశాం. పాతది 16, కొత్తది 31.

దీనర్థం ఉబ్బే మట్టి పింగాణీలో ఉండకూడదని కాదు. పచ్చి సామాను చేతిలో విరగకుండా ఒకటి రెండు పాళ్ళు బెంటొనైట్ కావాలని కలిపేవాళ్ళున్నారు. కాని అది తూచి వేసింది, దానికి తగ్గట్టు నీళ్ళూ సమయమూ కుదుర్చుకున్నది. చెప్పకుండా వచ్చిన అయిదు పాళ్ళ సంగతి వేరు. కాగితం మిల్లుల వాళ్ళు మాకంటే భయస్తులు. వాళ్ళ 70 శాతం ద్రవం గంటల కొద్దీ వేగంగా తిరిగే యంత్రాల్లో కాగితం మీద పూతగా పడాలి. అందులో ఉబ్బే మట్టి కొంచెం చేరినా ద్రవం చిక్కబడి పూత చారలు తేలుతుంది.

తర్వాత నేను ఆ కయోలిన్ వచ్చే గని చూడటానికి వెళ్ళాను. గ్రానైట్ రాయి లక్షల ఏళ్ళ వానకు చివికి కయోలిన్ అయిన చోటు అది. రాతిలోని సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం అన్నీ నీటితో కొట్టుకుపోయి, మిగిలిన అల్యూమినియం, సిలికాలతో గుండీలు పెట్టుకున్న పొరలు తయారవుతాయి. నీరు పారిపోని చోట, రాతిలో మెగ్నీషియం మెండుగా ఉన్న చోట మాంట్‌మొరిల్లొనైట్ పుడుతుంది. జహీరాబాద్ నుంచి బీదర్ వెళ్ళే దారిలో పీఠభూమి పైన ఎర్రటి లాటరైట్, దిగువ మైదానంలో నల్లరేగడి కనిపించేది ఇందుకే. రెంటి కింద ఉన్నది ఒకే బసాల్టు, నీరు పారిన తీరే వేరు.

ఆ గనిలో బసాల్టు లేదు. కాని తెల్లటి గోడ మధ్యలో, అడుగునుంచి పైకి, మనిషి చాచిన చేతులంత వెడల్పున ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు పట్టీ ఒకటి నిలువుగా ఉంది. గ్రానైట్‌ను చీల్చుకుని పైకి వచ్చిన డోలరైట్ రాయి అది, మన ప్రాంతంలో నల్లరాయి అని పలకలు కోసేది. అదీ చివికిపోయింది, కాని అది చివికితే వచ్చేది వేరే మట్టి. పట్టీలోంచి ఒక గడ్డ తీసి సీసాలో నీళ్ళలో వేశాను. పక్కన తెల్లమట్టి గడ్డ వేశాను. తెల్లది మెల్లగా రాలి అడుగున పొడిలా కూర్చుంది. పట్టీలోది అంచులు మెత్తబడి, పొంగి, సీసా అడుగంతా పరచుకుంది. వానల్లో గోడ జారి ఆ పట్టీ మట్టి తెల్లదానిలో కలిసింది. ఎండాక రెండూ ఒకే రంగుకు వచ్చాయి, లోడింగ్ వాళ్ళు ఎత్తేశారు. పట్టీకి రెండు వైపులా మీటరు చొప్పున సున్నంతో గీత గీసి, ఆ మధ్యలోది లారీ ఎక్కించవద్దని చెప్పి వచ్చాం. పదిహేను రోజుల తర్వాత వచ్చిన లారీకి నీలం 17.